ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతే

"సింగిల్ టిక్కే చూపిస్తోంది, నన్ను బ్లాక్ చేసినట్టున్నాడు." "బ్లూ టిక్ పడి గంటయింది, చూసి కూడా పలకడం లేదు." వాట్సాప్ వాడే ఇళ్లలో ఈ రెండు మాటలూ వినిపిస్తూనే ఉంటాయి. ఈ రెండింటి వల్ల పెళ్లిళ్లలో ముఖాలు మాడ్చుకున్నవాళ్లు, వ్యాపారాల్లో మాట తప్పావని తగవులాడుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. నిజానికి ఆ టిక్కులు తమ పని తాము నమ్మకంగానే చేస్తాయి. వాటికి మనం చెప్పుకునే అర్థాల దగ్గరే తేడా వస్తుంది. ఒక్క సంగతి పట్టుకుంటే చాలావరకు గందరగోళం తీరుతుంది: పడిన టిక్కును నమ్మవచ్చు, పడని టిక్కును బట్టి మాత్రం ఏమీ తేల్చలేం. ఎందుకో తెలియాలంటే మెసేజ్ ఏ దారిన పోతుందో చూడాలి.

మీరు పంపే గుర్తు నొక్కగానే మెసేజ్ పక్కన చిన్న గడియారం కనిపిస్తుంది. మెసేజ్ ఇంకా మీ ఫోన్‌లోనే ఉందని దాని అర్థం. ఫోన్ దాన్ని వాట్సాప్ సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ "నాకు చేరింది" అని మీ ఫోన్‌కు తిరిగి కబురు చేస్తుంది. ఆ కబురే మొదటి టిక్కు. తర్వాత సర్వర్ అవతలివాళ్ల ఫోన్ కోసం చూస్తుంది. ఆ ఫోన్ నెట్‌లోకి రాగానే మెసేజ్ ఇచ్చేస్తుంది. ఫోన్ "అందుకున్నాను" అంటుంది, సర్వర్ ఆ మాట మీకు చేరవేస్తుంది. అది రెండో టిక్కు. ఆ మనిషి మీ చాట్ తెరిచినప్పుడు వాళ్ల ఫోన్ నుంచి మరో కబురు బయలుదేరుతుంది. దాంతో రెండు టిక్కులూ నీలంగా మారతాయి. ఈ నీలం రంగు వచ్చింది 2014 నవంబరులో. అంతకుముందు రెండు బూడిదరంగు టిక్కులతోనే సరిపెట్టుకునేవాళ్లం.

అంటే ప్రతి టిక్కూ వెనక్కి రావలసిన రసీదే. ఒకప్పుడు రిజిస్టర్డ్ పోస్టుకు జతచేసిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు లాంటిది. కార్డు తిరిగొస్తే ఉత్తరం అందినట్టే. తిరిగి రాకపోతే ఉత్తరం అందలేదనా, కార్డు దారిలో పోయిందనా, సంతకం పెట్టేవాళ్లు ఊళ్లో లేరనా? మన దగ్గరున్న ఖాళీని చూసి చెప్పలేం.

ఒక సందర్భం అనుకుందాం. కూతురు డాలస్‌లో, అమ్మ ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో. అమెరికాలో ఎండాకాలం, శనివారం రాత్రి తొమ్మిది. మనకు ఆదివారం పొద్దున ఏడున్నర. కూతురు అపార్ట్‌మెంట్ సెల్లారులో కారు ఆపుతూ "అమ్మా, నిన్నటి బ్లడ్ రిపోర్టు ఫొటో తీసి పెట్టు" అని కొట్టింది. అక్కడ సిగ్నల్ లేదు, గడియారం గుర్తు పడింది. లిఫ్టు దిగి ఇంట్లోకి వెళ్లి వైఫై తగలగానే గడియారం పోయి ఒక టిక్కు వచ్చింది. ఆమె మళ్లీ ఏమీ నొక్కలేదు. గడియారం ఉన్నంతసేపు వాట్సాప్ తనంతట తానే ప్రయత్నిస్తూ ఉంటుంది. మెసేజ్ పోలేదేమోనని అదే విషయం ఇంకోసారి కొడితే, సిగ్నల్ రాగానే రెండూ పోతాయి.

అర గంటయింది, ఒకటే టిక్కు. గంటయింది, అంతే. కూతురు వాట్సాప్ కాల్ చేసింది. తెరమీద "Calling" అనే ఉండిపోయింది, "Ringing" అని మారలేదు. అవతలి ఫోన్ నిజంగా మోగడం మొదలయ్యాకే ఆ మాట మారుతుంది కాబట్టి, కాల్ కూడా ఆ ఫోన్‌ను తాకలేదన్నమాట. ఆమెకు గుండెలో రాయి పడింది. మామూలు ఫోన్ కాల్ చేస్తే రెండో రింగుకే అమ్మ ఎత్తింది. "కరెంటు లేదమ్మా, పొద్దున్నే పోయింది" అంది.

జరిగింది ఇదీ. ఆ ఇంట్లో నెట్ వైఫై బాక్సు మీద నడుస్తుంది. కరెంటు పోతే బాక్సు ఆగుతుంది. ఫోన్‌లో మొబైల్ డేటా ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంటుంది. సిమ్‌కు సిగ్నల్ ఉంది కాబట్టి మామూలు కాల్ వస్తుంది, నెట్ లేదు కాబట్టి వాట్సాప్ రాదు. సింగిల్ టిక్ చూసి "ఫోన్ స్విచాఫ్" అనుకుంటే ఇక్కడ తప్పయ్యేది. ఫోన్ శుభ్రంగా పనిచేస్తోంది.

పది గంటలకు కరెంటు వచ్చింది, రెండో టిక్కు పడింది. నీలం కాలేదు. అమ్మ పైనుంచి జారే నోటిఫికేషన్‌లోనే మెసేజ్ చదివేసింది. చాట్ తెరవలేదు, నేరుగా కెమెరా తీసి రిపోర్టు ఫొటో తీసుకుంది. ఆ ఫొటో పంపడానికి చాట్‌లోకి వెళ్లినప్పుడు నీలం పడింది. చదవడానికీ నీలం పడడానికీ మధ్య పావుగంట తేడా. చదవకుండా నీలం పడవచ్చు, చదివినా పడకపోవచ్చు. చాట్ తెరిచారా లేదా అన్నదే ఆ యంత్రానికి తెలుసు.

ఇప్పుడు అందరినీ తొలిచే ప్రశ్న: బ్లాక్ చేశారా? బ్లాక్ చేస్తే ఒక్క టిక్కే ఉండిపోతుంది, నిజమే. వాళ్ల లాస్ట్ సీన్, ఆన్‌లైన్ గుర్తు మీకు కనిపించవు. డీపీ మార్చినా మీకు తెలియదు. కాల్ కలవదు. అయితే ఇవన్నీ వేరే కారణాలకూ జరుగుతాయి. లాస్ట్ సీన్ దాచుకునే సెట్టింగు ఎవరైనా పెట్టుకోవచ్చు. డీపీ తమ ఫోన్‌లో నంబరు ఉన్నవాళ్లకే కనపడేలా పెట్టుకోవచ్చు, మీ నంబరు వాళ్ల దగ్గర లేకపోయి ఉండవచ్చు. ఫోన్ పాడై వారంగా రిపేరు షాపులో ఉండవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి, వాడని యాప్‌లను నిద్రపుచ్చుతాయి. అలాంటి ఫోన్‌లో నెట్ ఉన్నా, మనిషి వాట్సాప్ తెరిచేదాకా మెసేజ్ దిగదు. బ్లాక్ చేసినవాళ్ల గోప్యత కాపాడడానికే వాట్సాప్ ఈ సంగతి ఎక్కడా సూటిగా చెప్పదు. మర్యాదగా తప్పించుకునే హక్కు మనుషులకు ఉండాలనుకుంటే ఇది మంచి పద్ధతే అని నా అభిప్రాయం.

సింగిల్ టిక్ విషయంలో చాలామందికి తెలియని మరో సంగతి ఉంది. అందుకునే ఫోన్ రాకపోతే సర్వర్ ఆ మెసేజ్‌ను 30 రోజులు దాచి ఉంచుతుంది. అప్పటికీ రాకపోతే తీసేస్తుంది. మీ ఫోన్‌లో మాత్రం ఆ ఒక్క టిక్కు అలాగే ఉంటుంది. ఎర్ర గుర్తు పడదు, మెసేజ్ తిరిగి రాదు. నలభై రోజుల తర్వాత వాళ్లు కొత్త ఫోన్ కొని వాట్సాప్ తెరిస్తే మీ మెసేజ్ దిగదు. ముఖ్యమైనదైతే మళ్లీ పంపాల్సిందే.

ఒక్కోసారి తప్పు ఇద్దరిదీ కాదు. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, మధ్యాహ్నం దాదాపు రెండు గంటల పాటు వాట్సాప్ ప్రపంచమంతటా ఆగిపోయింది. సాయంత్రం సూర్యగ్రహణం ఉన్న రోజది. మెసేజ్‌లు పోక జనం ఫోన్లు ఆపి వెలిగించారు, నెట్ ప్యాక్ అయిపోయిందేమోనని చూసుకున్నారు. ఒక్క మనిషికి పోకపోతే ఆ మనిషి వైపు చూడాలి. ఎవరికి పంపినా గడియారమే ఉంటే ముందు మీ నెట్ చూసుకోవాలి. బ్రౌజర్ లాంటివన్నీ మామూలుగా నడుస్తూ వాట్సాప్ ఒక్కటే మొరాయిస్తే, లోపం అటువైపు ఉందని కాసేపు ఊరుకోవడం మంచిది.

ఇక రెండు టిక్కులు. వీటి అర్థం మెసేజ్ "వాళ్ల ఫోన్‌కు" చేరిందని అనుకుంటాం. 2021 నుంచి ఆ మాటకు చిన్న సవరణ కావాలి. ఒకే వాట్సాప్ ఖాతాను ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాలకు జతచేసుకోవచ్చు, ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అవి విడిగా పనిచేస్తాయి. వాటిలో దేనికి చేరినా మీకు రెండో టిక్కు పడుతుంది. ఎరువుల కొట్టు యజమాని ఊరికి పోయినా కొట్టులోని కంప్యూటర్లో ఆయన వాట్సాప్ తెరిచి ఉంటే మీ ఆర్డరుకు డబుల్ టిక్ వస్తుంది. గుమాస్తా ఆ చాట్ మీద క్లిక్ చేస్తే నీలం కూడా పడుతుంది. చూసింది ఆయన కాదు. ఇంట్లో ఫోన్‌తో ఆడుకునే మనవడి విషయమూ ఇంతే.

ఫొటోలు, వీడియోల దగ్గర ఇంకో మెలిక. ఫొటో పంపినప్పుడు ముందు అది సర్వర్‌కు ఎక్కుతుంది, తర్వాత దాని సమాచారంతో మెసేజ్ వెళుతుంది. అవతలి ఫోన్ అందుకునేది మొదట ఆ మెసేజ్‌ను, మసకగా ఉండే చిన్న బొమ్మను. అసలు ఫైలు విడిగా దించుకోవాలి. డేటా మిగల్చడానికి ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపుకున్నవాళ్ల ఫోన్‌లో అది దానంతట అది దిగదు, వేలితో నొక్కాలి. కాబట్టి ఇంటి ప్లాన్ డ్రాయింగు మేస్త్రికి పంపితే, నీలం టిక్కులు పడినా ఆయన చూసింది మసక బొమ్మే కావచ్చు. "ప్లాన్ చూశావా?" అని అడగండి. టిక్కు చూసి సిమెంటు కలపమనకండి.

నీలం రంగును ఆపుకోవచ్చని చాలామందికి తెలుసు. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి "Read receipts" ఆపేస్తే మీరు చదివినట్టు ఎవరికీ తెలియదు. బదులుగా ఇతరులు చదివారో లేదో మీకూ తెలియదు. తెలియనిదల్లా, రెండు చోట్ల ఈ తాళం పనిచేయదు. గ్రూపుల్లో మీరు చదివిన సంగతి పంపినవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. వాయిస్ మెసేజ్ మీరు విన్నారా లేదా అన్నదీ దాగదు. విన్నాక దాని పక్కనున్న మైకు బొమ్మ నీలమవుతుంది. నీలం టిక్కులు ఆపుకుని ఎవరికీ దొరకననుకునే బావగారు, మరదలు పంపిన వాయిస్ మెసేజ్ దగ్గర దొరికిపోతారు.

గ్రూపుల లెక్క వేరు. గ్రూపులో రెండో టిక్కు పడాలంటే అందరి ఫోన్లకూ మెసేజ్ చేరాలి. నీలం కావాలంటే అందరూ తెరవాలి. నూటయాభై మంది ఉన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో "రేపు ఉదయం ఆరు నుంచి నీళ్లు రావు" అని సెక్రటరీ పెట్టారు. రాత్రి దాకా ఒకటే టిక్కు. ఎవరికీ పోలేదేమోనని ఆయన మూడుసార్లు పెట్టారు. నిజానికి నూటనలభై ఏడుగురికి చేరిపోయింది, ఇద్దరి ఫోన్లు మాత్రం నెట్‌లో లేవు. అలాంటప్పుడు మెసేజ్‌ను వేలితో నొక్కి పట్టుకుని, వచ్చే మెనూలో "Info" ఎంచుకుంటే ఎవరు చదివారు, ఎవరికి చేరింది అనే పేర్లు, సమయాలతో సహా విడివిడిగా కనిపిస్తాయి. ఐఫోన్‌లో అయితే మెసేజ్‌ను ఎడమకు జరిపితే అదే పేజీ వస్తుంది. ఒకరికే పంపిన మెసేజ్‌కూ ఇది పనిచేస్తుంది. డాలస్ కూతురికి అమ్మ ఎప్పుడు అందుకుందో, ఎప్పుడు తెరిచిందో చెప్పింది ఈ పేజీయే. ఆ సమయాలు ఆమె ఫోన్‌లో డాలస్ గడియారం ప్రకారమే ఉంటాయి, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

పెళ్లి శుభలేఖల సీజనులో బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒకటి తలనొప్పి తెస్తుంది. రెండొందల మందిని ఒక జాబితాగా చేసి ఒకేసారి కార్డు పంపితే ఎవరికి వారికి విడిగా వచ్చినట్టు కనిపిస్తుంది, సౌకర్యమే. అయితే మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళుతుంది. మీ దగ్గర వాళ్ల నంబరు ఉండడం చాలదు. సేవ్ చేసుకోని దూరపు చుట్టానికి శుభలేఖ చేరదు, మీకు ఏ హెచ్చరికా రాదు. ఆయన "మాకు పిలుపే లేదు" అంటారు, మీరు "పంపించాం కదా బాబాయ్" అంటారు. ఇద్దరిదీ నిజమే. బ్రాడ్‌కాస్ట్ చేసిన మర్నాడు "Info" తెరిచి చేరనివాళ్ల పేర్లు చూసి, వాళ్లకు విడిగా పంపితే ఆ మాట పడనక్కర్లేదు.

పెండింగ్‌లో ఉండడం వేరు, ఫెయిల్ కావడం వేరు. గడియారం ఉంటే యాప్ ఇంకా ప్రయత్నిస్తోంది. ఎర్రటి ఆశ్చర్యార్థకం గుర్తు వస్తే ప్రయత్నం ఆపేసింది, మీరు నొక్కి మళ్లీ పంపితే తప్ప కదలదు. ఫొటోల మీద "Retry" అని వచ్చేదీ ఇదే. పెద్ద వీడియో ఎక్కుతుండగా నెట్ తెగడం, ఫోన్‌లో జాగా నిండిపోవడం మామూలు కారణాలు. విచిత్రమైనది ఒకటుంది: ఫోన్‌లో తేదీ, సమయం తప్పుగా ఉంటే వాట్సాప్ అసలు కనెక్టు కాదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన పాత ఫోన్లలోనూ, ఆటలో అదనపు ప్రాణాల కోసం పిల్లలు తేదీ ముందుకు జరిపిన ఫోన్లలోనూ ఇది కనిపిస్తుంది. తేదీని ఆటోమేటిక్‌గా పెడితే సరిపోతుంది.

అందుకునే వైపు కూడా ఒక పెండింగ్ ఉంది. మెసేజ్ ఉండాల్సిన చోట "Waiting for this message. This may take a while." అని మాత్రమే కనిపిస్తుంది. ఇది నెట్ సమస్య కాదు. 2016 నుంచి వాట్సాప్ మెసేజ్‌లన్నిటికీ రెండు కొసల్లోనే తెరుచుకునే తాళం ఉంటుంది. మీరు ఫోన్ మార్చినప్పుడో, యాప్ తీసి మళ్లీ వేసినప్పుడో మీ తాళంచెవి మారుతుంది. పాత చెవికి వేసిన తాళంతో మెసేజ్ వస్తే మీ ఫోన్ దాన్ని తెరవలేదు. కొత్త చెవికి తగ్గట్టు మళ్లీ తాళం వేసి పంపమని పంపినవాళ్ల ఫోన్‌ను అడుగుతుంది. ఆ ఫోన్ నెట్‌లోకి వచ్చేదాకా ఈ వాక్యమే ఉంటుంది. మీ ఫోన్ ఎన్నిసార్లు ఆపి వెలిగించినా లాభం లేదు. పంపినవాళ్లకు కాల్ చేసి "ఒకసారి వాట్సాప్ తెరువు" అనడమే మందు.

టెలిగ్రామ్‌కు మారినవాళ్లు ఈ లెక్కలను వెంట తీసుకెళ్లకూడదు. అక్కడ మొదటి టిక్కు మెసేజ్ టెలిగ్రామ్ సర్వర్‌కు చేరిందని, రెండో టిక్కు అవతలివాళ్లు చదివారని. మధ్యలో "ఫోన్‌కు చేరింది" అనే మెట్టు లేదు. టెలిగ్రామ్‌లో డబుల్ టిక్ చూసి "ఫోన్‌కు చేరింది, ఇంకా చూడలేదు" అనుకుంటే పొరపాటు, అప్పటికే చూసేశారు. అక్కడ ఒకటే టిక్కు చూసి ఫోన్ ఆఫ్‌లో ఉందనుకోవడమూ పొరపాటే.

ఈ చిన్న గుర్తులు కోర్టు దాకా కూడా వెళ్లాయి. 2018 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఎస్‌బీఐ కార్డ్స్ బాకీ కేసులో, వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా పంపిన నోటీసు అందినట్టే లెక్కవేసింది. మెసేజ్ చేరిందనీ, జత చేసిన కాగితం తెరిచారనీ గుర్తులను బట్టి తేలిందని జడ్జి అన్నారు. కోవిడ్ రోజుల్లో, 2020 జులైలో, నోటీసులను ఈ-మెయిల్‌తో పాటు వాట్సాప్ లాంటి యాప్‌ల ద్వారా కూడా పంపవచ్చని సుప్రీంకోర్టు అనుమతించింది. అంతమాత్రాన టిక్కు ప్రతిచోటా చెల్లదు. విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే సరిపోదని అదే సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మనిషి స్వేచ్ఛకు సంబంధించిన చోట రసీదు సంగతి యాప్‌కు వదిలేయడం కుదరదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

మన ఇళ్లలో వ్యవహారాలు కోర్టుకు ఎక్కేవి కావు గానీ, అద్దె ఖాళీ చేస్తున్నామన్న కబురో, అడ్వాన్సు ఇచ్చిన వివరమో తర్వాత రుజువుకు పనికిరావచ్చు. నీలం టిక్కు వచ్చినా రాకపోయినా, అలాంటి మెసేజ్ చివర "అందినట్టు ఒక్క మాట రాయండి" అని చేర్చండి. జవాబు వచ్చాక ఆ చాట్‌ను, "Info" పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చాట్ చెరిపేస్తే ఆ సమయాలూ దాంతోపాటే పోతాయి.